బ్యాటరీ ఉబ్బి స్క్రీన్ లేచింది, సర్వీస్ సెంటర్ మాత్రం దెబ్బ తగిలిందంది: ఒక స్మార్ట్‌వాచ్ ఫిర్యాదు ఉత్తరం

జాబ్ షీట్‌లో రాసింది ఒక్కటే లైను: "డిస్‌ప్లే లేచిపోయింది, ఫిజికల్ డ్యామేజ్, వారంటీ వర్తించదు." దాని కింద కొత్త డిస్‌ప్లేకి అంచనా ఖర్చు 6,200 రూపాయలు. బ్యాటరీ అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఈ కేసు మొత్తం ఆ లేని మాట చుట్టూనే తిరిగింది.

వస్తువులు, సేవల మీద ఫిర్యాదులు రాసిపెట్టడం నా పని. ఫోన్లు, మిక్సీలు, ఇన్వర్టర్ల కేసులే ఎక్కువ వస్తాయి. ఈ మధ్య స్మార్ట్‌వాచీలు కూడా వస్తున్నాయి. ఈ వాచీ రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూలు టీచర్‌ది. 2024 జూన్ 14న ఆన్‌లైన్‌లో 14,999 రూపాయలకు కొన్నారు, ఏడాది వారంటీ. 2025 మే 17న స్క్రీన్ ఒక పక్క పైకి లేచి ఉండటం గమనించారు. అంటే వారంటీ ముగియడానికి ఇంకా నెల రోజులు కూడా లేదు. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే కౌంటర్‌లో కుర్రాడు వాచీని చేతిలో తిప్పి చూసి, "ఎక్కడో తగిలి ఉంటుంది మేడమ్" అన్నాడట. "తగల్లేదు బాబూ, దానంతట అదే లేచింది" అంటే, "దానంతట అదే ఎందుకు లేస్తుంది మేడమ్?" అన్నాడట.

అతని ప్రశ్నలో తప్పు లేదు. దానికి జవాబును కాగితం మీద పెట్టకపోవడమే అసలు లోటు.

వాచీలో ఉండేది లిథియం పాలిమర్ బ్యాటరీ. టార్చి సెల్‌కి ఉన్నట్టు దీనికి గట్టి లోహపు డబ్బా ఉండదు. అల్యూమినియం పొర కలిపిన పల్చటి సంచిలో పొరలు పొరలుగా ఎలక్ట్రోడ్లు, వాటి మధ్య ఎలక్ట్రోలైట్ ద్రవం ఉంటాయి. ఆ ద్రవం విచ్ఛిన్నమైతే కార్బన్ డయాక్సైడ్, ఇథిలీన్ లాంటి వాయువులు పుడతాయి. బయటికి దారి లేదు కాబట్టి సంచి ఉబ్బుతుంది, పాడైపోయిన పెరుగు ప్యాకెట్ లాగా. తయారీలో లోపలికి తేమ చేరినా, ఎలక్ట్రోడ్లు సరిగ్గా అమరకపోయినా, ఛార్జింగ్‌ను అదుపు చేసే సర్క్యూట్ సరిగా పనిచేయకపోయినా ఇలా జరగొచ్చు. ఎక్కువ వేడిలో ఎక్కువ కాలం ఉంచినా జరగొచ్చు. వాచీలో ఖాళీ అన్నదే ఉండదు. బ్యాటరీకి పైన డిస్‌ప్లే, కింద సెన్సర్లు. డిస్‌ప్లేని ఫ్రేముకి పట్టి ఉంచేది చాలా మోడళ్లలో సన్నటి గమ్ మాత్రమే. సంచి కొద్దిగా ఉబ్బితే చాలు, గమ్ బలహీనంగా ఉన్న చోట స్క్రీన్ లేస్తుంది. కొన్ని మోడళ్లలో ముందు కాకుండా వెనక అద్దం ఊడుతుంది.

ఇది ఎక్కడో ఒకచోట జరిగే వింత కాదు. ఆపిల్ వాచ్ సిరీస్ 2లో కొన్నింటికి బ్యాటరీ ఉబ్బుతోందని కంపెనీయే 2018లో ఒప్పుకుని, వాటిని ఉచితంగా బాగుచేసి ఇచ్చింది. ఇలాంటి సంగతులు ఉత్తరంలో పెడదామా అని టీచర్ గారు అడిగారు. వద్దన్నాను. వేరే కంపెనీకి జరిగింది మన వాచీకి సాక్ష్యం కాదు. పైగా చదివేవాడికి పక్కదారి పట్టడానికి ఒక అవకాశం ఇచ్చినట్టవుతుంది.

ఆమె ముందే ఒక ఉత్తరం రాసుకుని తెచ్చారు. మూడు పేజీలు. మొదటి పేజీ అంతా మోసం, దోపిడీ, కస్టమర్ అంటే లెక్కలేనితనం. రెండో పేజీలో కౌంటర్ కుర్రాడి ప్రవర్తన. మూడో పేజీ చివర్లో, లక్ష రూపాయల నష్టపరిహారం కింద ఒక వాక్యం ఉంది: "అప్పటికి రెండు వారాల నుంచి ఛార్జింగ్ పెడితే వెచ్చగా అవుతోంది, పొద్దున్న నిండా ఛార్జ్ చేస్తే సాయంత్రానికి అయిపోతోంది." అసలు కేసు ఆ ఒక్క వాక్యంలో ఉంది. స్క్రీన్ లేవకముందే బ్యాటరీ పాడైందని చెప్పేది అదే. దాన్ని పైకి తెచ్చి మిగతా చాలావరకు తీసేశాను. ఆమెకు కొంచెం కష్టంగానే అనిపించింది. కోపం న్యాయమైనదే. కానీ ఉత్తరం చదివి నిర్ణయం తీసుకునేది కౌంటర్‌లో కుర్రాడు కాదు, వేరే ఊళ్లో వారంటీ అప్రూవల్ చూసే మనిషి. అతనికి కావలసింది ఫైల్లో పెట్టుకోగలిగే కారణం.

ఆ కారణం ఇది: ముందు బ్యాటరీ, తర్వాత స్క్రీన్. వరస తిరగబడితే వారంటీ పోతుంది. స్క్రీన్‌కి దెబ్బ తగిలి లేచిందంటే అది వాడేవాళ్ల తప్పు కింద లెక్క. లోపలి నుంచి తోసుకొచ్చిందంటే అది తయారీ లోపం. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, కానీ దగ్గరగా చూస్తే తేడా తెలిసిపోతుంది.

వాచీని తెల్ల కాగితం మీద పెట్టి, కిటికీ వెలుతురులో నాలుగు పక్కల నుంచీ ఫొటోలు తీశాం. అద్దం మీద పగులు లేదు. ఫ్రేము అంచుల్లో సొట్ట కానీ, గీత కానీ లేవు. కింద పడితే ముందు దెబ్బ తినేవి మూలలే, అవి నున్నగా ఉన్నాయి. స్క్రీన్ కుడి పక్క లేచి ఉంది, ఎడమ పక్క ఇంకా అతుక్కునే ఉంది. సందులో గమ్ సాగి, సన్నటి దారాల్లా కనిపిస్తోంది. దెబ్బకి ఊడిన గమ్ తెగుతుంది. మెల్లగా తోసుకొచ్చిన గమ్ ఇలా సాగుతుంది. సందు ఎంతుందో ఫొటోలో తెలియడానికి పక్కన ఒక పాత ఏటీఎం కార్డు నిలబెట్టాం. దాని మందం 0.76 మిల్లీమీటర్లు. సందు అంతకంటే ఎక్కువే. కార్డుని సందులోకి దూర్చలేదు, అలా ఎవరూ చేయకూడదు. లోపల ఉబ్బిన సంచికి చిల్లు పడితే మంటలు రావచ్చు. స్క్రీన్‌ని వేలితో నొక్కి మళ్లీ అతికించాలని చూడటం కూడా అంతే ప్రమాదం. అలా చేస్తే సాక్ష్యం కూడా పోతుంది.

ఇంకో మంచి ఆధారం అనుకోకుండా దొరికింది. లేచిన రోజునే ఆమె ఫొటో తీసి, బెంగళూరులో ఉన్న తమ్ముడికి వాట్సాప్‌లో పంపారు. "ఇది చూడరా, అద్దం లేచిపోతోంది, చేతికి వేడిగా తగిలితే తీసేశాను" అని కింద రాశారు. తేదీ, టైము అక్కడే ఉన్నాయి. వాట్సాప్‌లో పంపిన ఫొటోలోంచి కెమెరా నమోదు చేసిన వివరాలు పోతాయి కాబట్టి, ఫోన్ గ్యాలరీలో ఉన్న అసలు ఫొటోని డిలీట్ చేయకుండా విడిగా కాపీ చేసి పెట్టమన్నాను.

తర్వాత నీళ్ల సంగతి. గిన్నెలు కడిగేటప్పుడు కూడా వాచీ చేతికే ఉంటుందని ఆమె చెప్పారు. చాలామంది దీన్ని దాచిపెట్టమంటారు. నేను రాయమన్నాను. ఆ వాచీని అమ్మిందే 5 ఏటీఎం నీటి రక్షణ, అంటే యాభై మీటర్ల లోతు నీటి ఒత్తిడిని తట్టుకునే రక్షణ, ఉందని చెప్పి. మామూలుగా చేతులు కడుక్కోవడం, గిన్నెలు కడగడం ఆ రక్షణ పరిధిలోనివే. అసలు చిక్కు వేరే చోట ఉంది. స్క్రీన్ లేచిన క్షణం నుంచి ఆ రక్షణ పోతుంది. ఆ తర్వాత కూడా వాచీ పెట్టుకుని తిరిగితే చెమట లోపలికి దిగుతుంది. లోపల తడి తగిలితే రంగు మారే చిన్న స్టిక్కర్ ఎర్రబడుతుంది. అప్పుడు టెక్నీషియన్ "లిక్విడ్ డ్యామేజ్" అని రాస్తాడు, అతని కంటికి కనిపించేది అదే కాబట్టి. అందుకే స్క్రీన్ లేవడం చూసిన రోజే వాచీ తీసేశారన్న మాట ఉత్తరంలో ఉండాలి. మన టీచర్ గారి విషయంలో ఆ మాటకి వాట్సాప్ మెసేజే రుజువు.

ఛార్జర్ గురించి కూడా ముందే చెప్పేశాం. ఇలాంటి కేసుల్లో సర్వీస్ సెంటర్ వాళ్లు వేసే రెండో ప్రశ్న "ఫాస్ట్ ఛార్జర్ వాడారా?" అన్నది. ఆమె వాడింది బాక్సులో వచ్చిన ఛార్జింగ్ కేబుల్, పాత ఫోన్ తాలూకు 5 వోల్టులు, 1 ఆంపియర్ అడాప్టర్. వాచీ మాన్యువల్‌లో చెప్పింది కూడా అదే. అడాప్టర్ మీద ఉన్న అక్షరాలు కనిపించేలా ఫొటో తీసి జత చేశాం. మే నెల ఎండలని కారణంగా చూపించే అవకాశం కూడా ఉంది. వాచీని స్కూటీ డిక్కీలోనో, ఎండలో నిలిపిన కారులోనో ఎప్పుడూ వదల్లేదని ఒక వాక్యం చేర్చాం.

ఉత్తరం ఇది. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఇంగ్లిష్‌లో మెయిల్ పంపాం. సర్వీస్ సెంటర్‌కి తెలుగులోనే ఇచ్చి, కాపీ మీద స్టాంపు, సంతకం తీసుకున్నాం. పేర్లు, నంబర్లు తీసేశాను.

*తేదీ: 21-05-2025*

*సర్వీస్ సెంటర్ మేనేజర్ గారికి,*
*ప్రతి: కంపెనీ కస్టమర్ కేర్, కొన్న ఆన్‌లైన్ సంస్థ గ్రీవెన్స్ ఆఫీసర్*

*విషయం: వారంటీలో ఉన్న స్మార్ట్‌వాచ్‌లో బ్యాటరీ ఉబ్బి డిస్‌ప్లే లేచిపోవడం – జాబ్ షీట్ సరిచేసి, వారంటీ కింద పరిష్కరించమని విన్నపం*

*అయ్యా,*

*పై మోడల్ వాచీని 14-06-2024న కొన్నాను. సీరియల్ నంబర్, ఇన్వాయిస్ జత చేశాను. వారంటీ 13-06-2025 వరకు ఉంది.*

*మే మొదటి వారం నుంచి ఛార్జింగ్ సమయంలో వాచీ మామూలు కంటే వేడెక్కడం, నిండా ఛార్జ్ చేసినా సాయంత్రానికే అయిపోవడం గమనించాను. 17-05-2025న డిస్‌ప్లే కుడి పక్క పైకి లేచి కనిపించింది. ఆ రోజే వాచీ తీసేశాను. ఆ తర్వాత పెట్టుకోలేదు, ఛార్జ్ చేయలేదు. ఆ రోజు తీసిన ఫొటో, పంపిన మెసేజ్ జత చేశాను.*

*19-05-2025న మీ సెంటర్‌లో చూపించగా, జాబ్ షీట్‌లో "ఫిజికల్ డ్యామేజ్" అని రాశారు. వాచీని నా ఎదుట తెరవలేదు, బ్యాటరీని పరీక్షించలేదు. జత చేసిన ఫొటోల్లో అద్దం పగల్లేదని, ఫ్రేముపై సొట్టలు, గీతలు లేవని, డిస్‌ప్లే లోపలి నుంచి బయటికి తోసుకొచ్చిందని స్పష్టంగా కనిపిస్తోంది. డిస్‌ప్లే, టచ్ ఇప్పటికీ పనిచేస్తున్నాయి. ఇది బ్యాటరీ ఉబ్బడం వల్ల జరిగిందని నమ్ముతున్నాను.*

*ఛార్జింగ్‌కి మీరిచ్చిన కేబుల్, 5 వోల్టులు 1 ఆంపియర్ అడాప్టర్ మాత్రమే వాడాను. రోజువారీ ఇంటిపనుల్లో వాచీ పెట్టుకునేదాన్ని. ఇది మీరు ప్రకటించిన 5 ఏటీఎం పరిధిలోనిదే. వాచీ కింద పడలేదు, ఎండలో నిలిపిన వాహనంలో ఉంచలేదు, బయట ఎక్కడా తెరిపించలేదు.*

*కాబట్టి కోరేదేమిటంటే: 1. వాచీని తెరిచి బ్యాటరీ పరిస్థితిని పరిశీలించి, ఫలితాన్ని ఫొటోలతో సహా రాతపూర్వకంగా ఇవ్వాలి. 2. దాని ప్రకారం జాబ్ షీట్ సరిచేసి, వారంటీ కింద ఖర్చు లేకుండా బాగుచేయాలి, లేదా వాచీ మార్చి ఇవ్వాలి. 3. నా లిఖితపూర్వక అంగీకారం లేకుండా పాత బ్యాటరీని పారేయకూడదు. 4. ఈ ఫిర్యాదు వారంటీ గడువులోపే అందిందని నమోదు చేయాలి.*

*ఉబ్బిన లిథియం బ్యాటరీ ప్రమాదకరం కాబట్టి, 15 రోజుల్లోగా రాతపూర్వక జవాబు ఇవ్వగలరు. లేనిపక్షంలో వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద తగిన చర్యలకు వెళ్తాను.*

*ఇట్లు,*
*(సంతకం)*

ఈ ఉత్తరంలో నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది నాలుగో కోరిక. ఇలాంటి కేసుల్లో జవాబులు సాగుతూ సాగుతూ గడువు దాటిపోతుంది. అప్పుడు "ఇప్పుడు వారంటీ లేదు కదా" అన్న మాట వస్తుంది. ఫిర్యాదు ఏ రోజు అందిందో కాగితం మీద ఉంటే ఆ మాటకి బలం ఉండదు. మూడో కోరికకి కారణం వేరు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే, పరీక్షించకుండా లోపం తేలదనుకున్నప్పుడు వస్తువుని ల్యాబ్‌కి పంపే వీలు చట్టంలో ఉంది. బ్యాటరీ చెత్తలో పడిపోతే పరీక్షించడానికి ఏమీ మిగలదు.

చట్టం పేరు ఒక్కసారే, అదీ చివర్లో ఎందుకు రాశానంటే, మొదటి ఉత్తరం లీగల్ నోటీసు కాదు. సెక్షన్ల నంబర్లు గుప్పిస్తే సర్వీస్ సెంటర్ వాళ్లు దాన్ని లీగల్ డిపార్ట్‌మెంట్‌కి నెట్టేస్తారు, వాచీ అక్కడే ఆగిపోతుంది. "ప్రొడక్ట్ లయబిలిటీ" కింద దావా వేద్దామా అని కూడా అడుగుతుంటారు. లోపమున్న వస్తువు చేసిన హానికి పరిహారం ఇప్పించే అధ్యాయం అది. అందులో హాని అంటే మనిషికో, వేరే ఆస్తికో జరిగినది. వస్తువు తనంతట తాను పాడవడం ఆ నిర్వచనంలోకి రాదు. చేయి కాలి ఉంటే కథ వేరు. ఇక్కడ ఉన్నది వస్తువులో లోపం, సేవలో లోపం. అవి చాలు.

ఆన్‌లైన్ సంస్థకి కాపీ పెట్టడం ఉత్తినే కాదు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఇక్కడ వాళ్లు తయారీదారుని అడగమని చెప్పి చేతులు దులుపుకున్నారు, అయినా ఫిర్యాదు అందినట్టు తేదీతో ఒక మెయిల్ వచ్చింది. మాకు కావలసింది అదే.

సర్వీస్ సెంటర్ నుంచి మొదటి జవాబు ఫోన్లో వచ్చింది: "మా చేతుల్లో లేదు మేడమ్, పైనుంచి అప్రూవల్ రావాలి." అదే మాట మెయిల్‌లో పెట్టమని అడిగించాను, పెట్టలేదు. ఇక ఆగకుండా నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. అది కోర్టు కాదు, ఆర్డర్ ఇచ్చే అధికారం దానికి లేదు. ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు రాబట్టే ప్రయత్నం చేస్తుంది, అంతే. కానీ అక్కడ నమోదైన ఫిర్యాదులు చూసే మనుషులు కంపెనీలో వేరే ఉంటారు. కౌంటర్ వాళ్ల మీద ఆధారపడాల్సిన పని తప్పుతుంది.

కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. కొరియర్ వాళ్లు ఇంటికొచ్చి వాచీ తీసుకెళ్తారని, ప్యాక్ చేసి ఉంచమని. ఆమె సంతోషించారు. నేను వద్దన్నాను. లోపం ఉందని తెలిసిన లిథియం బ్యాటరీని విమానంలో పంపడం అంతర్జాతీయ విమాన రవాణా నియమాల్లో నిషేధం. కొరియర్ పార్సిల్ ఏ దారిలో వెళ్తుందో మనకి తెలియదు. "ఉబ్బిన బ్యాటరీ ఉన్న వాచీని మామూలు పార్సిల్‌గా అప్పగించలేను, సర్వీస్ సెంటర్‌లోనే ఇస్తాను, రోడ్డు మార్గంలో పంపే బాధ్యత మీదే" అని జవాబు రాయించాను. విచిత్రం ఏమిటంటే, బ్యాటరీ ఉబ్బిందని కంపెనీ తన రాతలో మొదటిసారి ఒప్పుకున్నది దీనికి ఇచ్చిన జవాబులోనే: "ఉబ్బిన బ్యాటరీ విషయంలో మీ జాగ్రత్తకి ధన్యవాదాలు, దయచేసి దగ్గరలోని సెంటర్‌లో అప్పగించండి." ఆ మెయిల్‌ని ప్రింట్ తీసి ఫైల్లో పెట్టాం.

ఈసారి సెంటర్‌లో ఆమె ఎదుటే వాచీని తెరిచారు. అది కూడా మేం అడిగినందుకే. బ్యాటరీ దిండులా ఉబ్బి ఉంది, తడి స్టిక్కర్ తెల్లగానే ఉంది. రెండింటికీ ఫొటో తీసుకున్నారు. జాబ్ షీట్‌లో "ఫిజికల్ డ్యామేజ్" కొట్టేసి "బ్యాటరీ స్వెల్లింగ్, డిస్‌ప్లే లిఫ్ట్" అని రాసి, పక్కన సంతకం పెట్టారు.

ఆ తర్వాత బేరం మొదలైంది. కంపెనీ మార్చి ఇస్తానన్నది కొత్త వాచీ కాదు, రిఫర్బిష్ చేసినది. ఆమె కొత్తదే కావాలన్నారు. వారంటీ షరతులు తిరగేసి చూస్తే, రిఫర్బిష్డ్ వాచీ ఇచ్చే హక్కు తమకుందని చిన్న అక్షరాల్లో రాసుకున్నారు. కమిషన్‌కి వెళ్లి ఆ షరతు అన్యాయమని వాదించవచ్చు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు లేదు, ఆమె ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, రెండేళ్ల గడువూ ఉంది. కానీ దానికి పట్టే కాలం, తిరుగుడు ఎంతో ఆమెకు చెప్పాను. రిఫర్బిష్డ్ తీసుకోవడానికే ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. పాత వారంటీలో మిగిలింది కొద్ది రోజులే కాబట్టి, ఇచ్చే వాచీకి బ్యాటరీతో సహా 90 రోజుల వారంటీ ఇస్తున్నట్టు మెయిల్‌లో రాసివ్వాలి. రాసిచ్చారు.

నష్టపరిహారం రాలేదు. ఆటో ఖర్చులు రాలేదు. మొదటి జాబ్ షీట్ తప్పని ఎవరూ సారీ చెప్పలేదు. ఆమె కోరుకున్నది అంతకంటే ఎక్కువ, నాకు తెలుసు.

ఇదే ఉత్తరం అన్ని వాచీలకీ పనిచేయదు. అద్దం పగిలి ఉంటే, బ్యాటరీ ఉబ్బినా సరే, పగులు ముందా ఉబ్బు ముందా అన్నది తేల్చడం చాలా కష్టం. బజారులో ఎవరి చేతైనా తెరిపించి ఉంటే దాదాపు ఆశ వదులుకోవచ్చు. కొన్ని బ్రాండ్లు వాచీకి ఏడాది, బ్యాటరీకి ఆరు నెలలు అని విడిగా రాస్తాయి. అలాంటప్పుడు ఆరు నెలలు దాటాక ఉత్తరం వేరేలా రాయాలి: బ్యాటరీ కొత్తది ఇవ్వమని కాకుండా, బ్యాటరీ వల్ల పాడైన డిస్‌ప్లేకి ఇంకా వారంటీ ఉందని వాదించాలి. వారంటీ కార్డులో ఆ విభజన ఉందో లేదో ఉత్తరం మొదలుపెట్టకముందే చూడాలి.